నా వ్యాసానికి ఎన్ని మార్కులు?

వ్యాసం రాసినవారు దాన్ని ఇంకొకరి చేతికిచ్చి "ఒకసారి చదివి ఎన్ని మార్కులు వేస్తారో చెప్పండి" అని అడుగుతుంటారు. పోటీ పరీక్షకు చదివేవారు తోటి అభ్యర్థిని అడుగుతారు. బడిపిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతారు. విదేశీ చదువుకు వెళ్లాలనుకునేవారు ఇంగ్లిష్ బాగా వచ్చిన బంధువును అడుగుతారు. ఈ ప్రశ్నలో చాలాసార్లు మూడు సంగతులు ఉండవు. మార్కులు పదికా, యాభైకా, నూటికా అన్నది ఉండదు. భావానికి ఎన్ని, అమరికకు ఎన్ని, భాషకు ఎన్ని అన్న విభజన ఉండదు. రాసినవారు తొమ్మిదో తరగతిలో ఉన్నారా, డిగ్రీ పూర్తి చేశారా అన్నదీ ఉండదు. అయినా జవాబు మాత్రం వచ్చేస్తుంది: "బాగానే ఉంది, పదికి ఏడు వెయ్యొచ్చు."

అడిగినవారు చెప్పని మూడింటినీ చదివినవారు తమకు తెలియకుండానే తమ దగ్గర నుంచి తెచ్చి పెట్టుకున్నారు. అందువల్ల ఆ ఏడులో వ్యాసం పాలు కొంతే ఉంటుంది, మిగిలినది చదివినవారి అలవాటు. ఇది ఎంత దూరం పోగలదో అరవై ఏళ్లకు ముందే లెక్క కట్టి చూశారు.

ఒకే అంకె, వేర్వేరు అర్థాలు

ముందుగా అంకె సంగతి. నూటికి 60 అంటే మన విశ్వవిద్యాలయాల్లో ఫస్ట్ క్లాసు. బ్రిటన్‌లో డిగ్రీ ఫస్ట్ క్లాసుకు 70 కావాలి కాబట్టి అక్కడ 60 అంటే దాని కింది తరగతి. పదో తరగతిలో అన్నింటా తొంభైలు చూసిన ఇంట్లో అరవై వచ్చిందంటే అందరి ముఖాలూ చిన్నబోతాయి. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసాల పేపరు 250 మార్కులకు ఉంటుంది. అందులో రెండు వ్యాసాలు రాయాలి, ఒక్కోదానికి 125. ఆ పేపరులో 150 వస్తే, అంటే అదే అరవై శాతం వస్తే, చాలా మంచి మార్కుల కింద లెక్క.

కాబట్టి 'అరవై' అన్న మాట ఒక్కటే వింటే సంతోషించాలో బాధపడాలో తెలియదు. ఎంతకి ఎంత అన్నది తెలిసినా చాలదు, ఆ పరీక్షలో సాధారణంగా ఎంత వేస్తారన్నదీ తెలియాలి. పదికి ఏడు అని చెప్పే స్నేహితుడి మనసులో బడి లెక్క ఉంటుంది. వినే అభ్యర్థి దాన్ని 125కి మార్చి 87 వేసుకుంటాడు. అసలు పరీక్షలో అంతకన్నా బాగా తక్కువ వచ్చినప్పుడు దిద్దినవారు అన్యాయం చేశారనుకుంటాడు. పొరపాటు ఇద్దరి కొలతలూ ఒకటే అనుకోవడంలో ఉంది.

300 వ్యాసాలు, 53 మంది, తొమ్మిది దొంతరలు

కొలత చెప్పకుండా వ్యాసాలు దిద్దమంటే ఏమవుతుందో తేల్చిన అధ్యయనం 1961లో అమెరికాలో వెలువడింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో ఉన్న ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే పరీక్షల సంస్థలో పాల్ డీడరిక్, జాన్ ఫ్రెంచ్, సిడెల్ కార్ల్‌టన్ దాన్ని చేశారు. కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థులు రాసిన 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చారు. వారిలో ఇంగ్లిష్ అధ్యాపకులున్నారు, సామాజిక శాస్త్రాలు, ప్రకృతి శాస్త్రాలు చెప్పేవారున్నారు, రచయితలూ సంపాదకులూ ఉన్నారు, లాయర్లున్నారు, కంపెనీల్లో పెద్ద హోదాల్లో పనిచేసేవారున్నారు. అందరూ రాతతో రోజూ పని ఉన్నవారే.

వారికి ఇచ్చిన సూచన చాలా చిన్నది. వ్యాసం మొత్తం మీద ఎంత బాగుందో చూసి, వాటిని తొమ్మిది దొంతరలుగా పేర్చమన్నారు. బాగుండటమంటే ఏమిటో చెప్పలేదు. దేనికి ఎంత విలువ ఇవ్వాలో చెప్పలేదు. నచ్చినదీ నచ్చనిదీ పేపరు మీదే రాయమన్నారు.

ఫలితం ఇలా వచ్చింది. 300 వ్యాసాల్లో 101 వ్యాసాలు తొమ్మిది దొంతరల్లోనూ పడ్డాయి. అంటే అదే వ్యాసాన్ని ఒకరు అన్నిటికన్నా పైన పెడితే ఇంకొకరు అట్టడుగున పెట్టారు, మిగతావాళ్లు మధ్యలో ఉన్న ప్రతి మెట్టు మీదా పెట్టారు. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు రకాల గ్రేడ్లు వచ్చాయి. అయిదు రకాలకన్నా తక్కువ వచ్చిన వ్యాసం ఒక్కటీ లేదు.

డీడరిక్ బృందం ఇక్కడితో ఆగి ఉంటే 'వ్యాసాలు దిద్దడం గాలివాటం' అన్న మాట మాత్రమే మిగిలేది. వారు ఇంకో అడుగు వేసి, ఎవరి గ్రేడ్లు ఎవరితో కలుస్తున్నాయో లెక్క కట్టారు. కలిసినవాళ్లు పేపర్ల మీద రాసిన వ్యాఖ్యలు చదివారు. అప్పుడు ఆ గందరగోళంలో ఒక క్రమం కనిపించింది. దిద్దినవారు అయిదు గుంపులుగా విడిపోయారు. అందరికన్నా పెద్ద గుంపు భావాలను చూసింది: విషయానికి కట్టుబడ్డారా, స్పష్టంగా చెప్పారా, విస్తరించారా, ఒప్పించగలిగారా అని. ఇంకో గుంపు తప్పులను చూసింది: వాక్యనిర్మాణం, విరామచిహ్నాలు, అక్షరదోషాలు. మూడో గుంపు అమరికనూ తర్కాన్నీ, నాలుగోది పదాల ఎంపికనూ, అయిదోది రాతలో రచయిత సొంత గొంతునూ పట్టించుకున్నాయి.

ఈ గుంపులు వృత్తుల గీత దగ్గర ఆగలేదు. ఇంగ్లిష్ అధ్యాపకులంతా ఒకే గుంపులో పడలేదు. కాబట్టి "లెక్చరర్‌గారు చూశారు కదా" అన్నంత మాత్రాన ఆయన దేన్ని చూశారో తెలియదు. ప్రతి ఒక్కరూ తమ లెక్కకు నిజాయతీగానే కట్టుబడ్డారు. చూపు మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోవైపు ఉంది, అటే చూడమని ఎవరూ వారికి చెప్పలేదు.

ఒక చిన్న వ్యాసం, మూడు తూకాలు

ఇది మన దగ్గర ఎలా ఉంటుందో ఒక నమూనా తీసుకుని చూడవచ్చు. 'అడుగంటుతున్న భూగర్భ జలాలు' అనే అంశం మీద మూడు వందల మాటల వ్యాసం ఒకటి ఉందనుకుందాం. అందులో కీలకమైన పేరా ఇది:

"మా ఊళ్లో పదేళ్ల కిందట నూట యాభై అడుగులకే బోరులో నీళ్లు పడేవి. ఇప్పుడు ఆరు వందల అడుగులు దింపినా పడటం లేదు. దీనికి కారణం ప్రజలు నీటిని వృధా చేయడమే. ప్రభుత్వం కూడా తగిన చర్యలు తీసుకోవాలి. నీరు లేనిదే జీవం లేదు. కాబట్టి అందరం నీటిని పొదుపుగా వాడుకుందాం."

మొదటి రెండు వాక్యాలు మంచివి. రాసినవారు చూసిన సంగతి చెప్పారు, అంకెలతో చెప్పారు. మూడో వాక్యం దగ్గర వ్యాసం జారింది. నాలుగు వందల యాభై అడుగుల తేడాకు 'వృథా' అన్న ఒక్క మాట కారణంగా నిలబడదు. ఊళ్లో బోర్లు ఎన్నింతలయ్యాయి, మెట్ట పైరు పోయి వరి వచ్చిందా, చెరువులో పూడిక పేరుకుని నీళ్లు ఇంకడం తగ్గిందా అన్నవి రావలసిన చోటు అది. చివరి మూడు వాక్యాలు నీటి మీద రాసే ఏ వ్యాసంలోనైనా పెట్టగలిగినవి. 'వృథా' అనవలసిన చోట 'వృధా' అని పడింది.

ఇది తొమ్మిదో తరగతి తెలుగు హోంవర్కు అయితే, పదికి ఆరున్నరో ఏడో ఇవ్వడం సబబు. ఆ వయసులో సొంత ఊరి అనుభవాన్ని అంకెలతో చెప్పడం విశేషమే. ఒక్క అక్షరదోషాన్ని దిద్ది చూపితే చాలు.

ఇదే తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ కోసం రాసిందయితే సంగతి మారిపోతుంది. అక్కడ జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులకు, మూడు వ్యాసాలు, ఒక్కొక్కటి సుమారు వెయ్యి మాటల్లో 50 మార్కులకు. మూడు వందల మాటల వ్యాసం నిడివిలోనే మూడో వంతు దగ్గర ఆగిపోయింది. కారణాల విశ్లేషణ లేదు, పరిష్కారాల్లో ఏది ఎందుకు సాధ్యమో లేదు, ఇంకో కోణం లేదు. బడిలో ఏడు తెచ్చిన అవే వాక్యాలతో ఇక్కడ యాభైకి పదిహేను కూడా కష్టం.

మూడో తూకం పత్రిక. పాఠకుల పేజీకి పంపిన ఉత్తరంగా చూస్తే దానికి మార్కులుండవు, వేసుకోవడమో పక్కన పెట్టడమో ఉంటుంది. సంపాదకులు మొదటి రెండు వాక్యాలూ ఉంచి, ఆ ఊరి బోర్ల గురించి ఇంకో నాలుగు మాటలు అడిగి, మిగతాది కొట్టేయవచ్చు. బడిలో 'ముగింపు ఉంది' అని మార్కు తెచ్చిన చివరి వాక్యమే ఇక్కడ మొదట ఎగిరిపోతుంది.

మూడు చోట్లా వ్యాసం అదే, అక్షరం మారలేదు. స్థాయి చెప్పకుండా అడిగితే చదివేవారు ఈ మూడింట్లో ఏదో ఒకటి మనసులో పెట్టుకుంటారు. ఏది పెట్టుకున్నారో అడిగినవారికి తెలిసే దారి ఉండదు.

మార్కుల విభజన ఒక నిర్ణయం

దేనికెన్ని మార్కులో రాసుకున్న పట్టికను రూబ్రిక్ అంటారు. అది ఉంటే వ్యాసం విలువ దానంతటదే బయటపడుతుందని కాదు. దేన్ని ముఖ్యంగా చూడాలో ముందే తేల్చుకున్నారని మాత్రమే అర్థం. రెండో భాషగా ఇంగ్లిష్ నేర్చుకునేవారి వ్యాసాల కోసం హాలీ జేకబ్స్ బృందం 1981లో ప్రకటించిన పట్టిక బాగా వాడుకలోకి వచ్చింది. అందులో నూటికి 30 మార్కులు విషయానికి, 25 భాష వాడకానికి, అమరికకు 20, పదసంపదకు 20. అక్షరదోషాలు, విరామచిహ్నాల వంటి వాటికి 5 మాత్రమే. విదేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థులు చాలామంది రాసే ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో అంశాలు నాలుగు: అడిగినదానికి జవాబిచ్చారా, భావాలు ఒకదానికొకటి అతుకుతున్నాయా, పదసంపద ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమాన వాటా.

అక్షరదోషాలు ఎక్కువగా ఉన్నా ఆలోచన బాగున్న వ్యాసాన్ని జేకబ్స్ పట్టిక పెద్దగా శిక్షించదు. డీడరిక్ అధ్యయనంలో తప్పులను చూసిన గుంపు చేతిలో పడితే అదే వ్యాసం కిందికి వెళ్లిపోతుంది. రెండింట్లో ఒకటి తప్పని చెప్పలేం. ఉద్యోగ దరఖాస్తులో అక్షరదోషం పెద్ద లోపమే, భావాల కోసం రాసే తొలి చిత్తుప్రతిలో అది చిన్నది. ఏ పని కోసం రాశారన్నదే ఆ వాటాలను నిర్ణయిస్తుంది. అందుకే పట్టిక ఇవ్వలేనివారు కనీసం పని ఏమిటో చెప్పినా సగం పట్టిక ఇచ్చినట్టే.

కొలత లేనిచోట చేరేవి

ఆధారం లేనప్పుడు తీర్పు చుట్టుపక్కల వాటిని ఆసరాగా తీసుకుంటుంది. మొదటిది వరుస. చాలా మంచి వ్యాసం చదివిన వెంటనే సాధారణ వ్యాసం చేతికొస్తే అది మరీ నాసిరకంగా తోస్తుంది. నాసి వ్యాసం తర్వాత వస్తే అదే మెరుగ్గా తోస్తుంది. రెండోది రూపం. గుండ్రటి దస్తూరీ, కొట్టివేతలు లేని పేజీ చదివేవారిని మెత్తబరుస్తాయి. మూడోది మొహమాటం. అడిగినవారు ఎదురుగా ఉంటే, పైగా చుట్టాలో స్నేహితులో అయితే, అంకె ఆరు కిందికి దిగడం అరుదు. మరీ పొగిడినట్టు ఉండకూడదని తొమ్మిది దాకా పోవడమూ అరుదే. చివరికి మంచి వ్యాసాలూ మామూలు వ్యాసాలూ అన్నీ ఏడు దగ్గర గుమిగూడతాయి. అందరికీ ఏడే వచ్చేటప్పుడు ఆ ఏడు ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇలాంటి ఖాళీ మార్కును పట్టుకోవడానికి ఒక ప్రశ్న ఉంది: "ఎనిమిది ఎందుకు కాలేదు, ఆరు ఎందుకు కాలేదు?" వేసినవారు పేజీలో ఒక చోటు చూపించి "ఈ కారణం నిలబడి ఉంటే ఎనిమిది, ఈ రెండు వాక్యాలు లేకపోతే ఆరు" అనగలిగితే ఆ మార్కుకు కాళ్లున్నాయి. "మొత్తం మీద అలా అనిపించింది" అంటే లేవు.

జవాబు చెప్పేవారు చేయగలిగినది

వివరాలు లేవని ప్రశ్నను తిప్పి పంపడం మంచి జవాబు కాదు. ఏ స్థాయి, ఎంతకి, దేనికి, ఏ పరీక్ష అని వరుసగా అడిగితే అడిగినవారు విసిగిపోతారు. కొన్ని సంగతులు వ్యాసమే చెబుతుంది. నిడివి, అంశం, వాడిన మాటలు, ముగించిన తీరు చూస్తే బడి వ్యాసమో పోటీ పరీక్ష వ్యాసమో చాలాసార్లు ఊహించవచ్చు. అలా ఊహించిన స్థాయిని పైకి చెప్పి, దాని మీద మార్కు వేయడం పద్ధతి. మార్కు ఒకే అంకెగా కాక ఒక పరిధిగా ఉంటే ఇంకా నిజానికి దగ్గర. తర్వాత ఏ అంశం నిలబడింది, ఏది నిలబడలేదు అన్నది విడివిడిగా చెప్పి, మార్చవలసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది చూపాలి. పైన చూసిన భూగర్భ జలాల వ్యాసానికి అలాంటి జవాబు ఇలా ఉంటుంది:

"ఇది తొమ్మిది, పది తరగతుల వ్యాసం అనుకుని చదివాను. ఆ లెక్కన పదికి ఆరు, ఏడు మధ్య. మీ ఊరి బోర్ల సంగతి చెప్పిన తీరు బాగుంది. కారణం చెప్పాల్సిన దగ్గర వ్యాసం ఆగిపోయింది. బోర్లు ఎన్ని పెరిగాయి, పంట ఏం మారింది, చెరువు నిండుతోందా అన్నవాటిలో ఒక్కటి వివరంగా రాసినా స్థాయి పెరుగుతుంది. చివరి మూడు వాక్యాలు తీసేసినా వ్యాసానికి లోటు రాదు. గ్రూప్-1 కోసం రాసిందయితే ఈ అంచనా చెల్లదు, నిడివి దగ్గర నుంచి మళ్లీ చూడాలి."

ఈ జవాబులో అంకె ఊహ మీద ఆధారపడింది, ఆ సంగతి దాచలేదు. ఊహ తప్పయితే అంకె పోతుంది, కారణం బలహీనంగా ఉందన్న మాట మాత్రం ఏ స్థాయిలోనైనా నిలబడుతుంది. కొలత లేనప్పుడు ఇవ్వగల గట్టి సాయం ఆ రెండోదే.

అంకె లేకుండా తేల్చే దారి ఇంకొకటి ఉంది. ఒక్క వ్యాసాన్ని పట్టుకుని పదికి ఎంత అనడంకన్నా, రెండు వ్యాసాలు పక్కపక్కన పెట్టి ఏది మెరుగో చెప్పడం మనుషులకు తేలిక. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎల్.ఎల్. థర్‌స్టన్ 1927లో ఇలాంటి జతల తీర్పుల నుంచి కొలతను రాబట్టే సూత్రం ప్రతిపాదించారు. బ్రిటన్‌లో బడిపిల్లల వ్యాసాలను ఈ పద్ధతిలో దిద్దడమూ ఉంది. ఇంట్లో దీన్ని చిన్నగా వాడుకోవచ్చు. అదే అంశం మీద, అదే పరీక్షలో మార్కులు తెలిసిన ఇంకో వ్యాసం దొరికితే, దానికన్నా ఇది పైనా కిందా అని చెప్పవచ్చు. తెలిసిన మార్కే అక్కడ కొలబద్ద అవుతుంది. అలాంటివి రెండు, ఒకటి ఎక్కువ మార్కులది, ఒకటి తక్కువది దొరికితే వ్యాసం వాటి మధ్య ఎక్కడో కూర్చుంటుంది.

అడిగేవారు చేర్చవలసిన రెండు వాక్యాలు

ఈ చిక్కంతా అడిగేటప్పుడే చాలావరకు తీరిపోతుంది. "ఇది గ్రూప్-1 కోసం గంటలో రాసిన వ్యాసం, 50 మార్కులకు. వాదన నిలబడిందా లేదా అన్నది ముఖ్యంగా చూడండి" అంటే చాలు. మొదటి వాక్యంతో స్థాయి, కొలత, రాసిన పరిస్థితి వచ్చేశాయి. రెండోదానితో చూపు ఎటు ఉండాలో తేలింది. పరీక్ష ప్రకటనలో రాసిన సూచనలు ఉంటే అవి కూడా ఇవ్వాలి. సివిల్స్ ప్రకటనలో అభ్యర్థులు అంశానికి కట్టుబడాలని, భావాలను క్రమంగా అమర్చాలని, క్లుప్తంగా రాయాలని ఉంటుంది. ప్రభావవంతంగా, కచ్చితంగా చెప్పినందుకు మార్కులుంటాయనీ ఉంటుంది. విడివిడిగా మార్కులు పంచకపోయినా, చదివేవారికి ఇవి దారి చూపుతాయి.

ఇంత చెప్పినా ఒక పరిమితి మిగులుతుంది. పట్టిక చేతిలో ఉన్న ఇద్దరు కూడా ఒకే వ్యాసానికి అచ్చంగా అవే మార్కులు వేయరు. పట్టిక తేడాను తగ్గిస్తుందే కానీ తుడిచిపెట్టదు. అందుకే పెద్ద పరీక్షల్లో ముందుగా దిద్దిన నమూనా పేపర్లతో దిద్దేవారికి తర్ఫీదు ఇస్తారు, కొన్నిచోట్ల ఒక్కో పేపరును ఇద్దరితో దిద్దించి తేడా ఎక్కువైతే మూడోవారికి పంపుతారు. ఇంట్లో అంత ఏర్పాటు కుదరదు కాబట్టి, ఒకరు చెప్పిన అంకెను ఫలితంగా తీసుకోకూడదు. ఒకే సూచనతో ఇద్దరు ముగ్గురికి చూపించి, వారి అంకెలు పక్కన పెట్టి, వారు వేలు పెట్టి చూపిన చోట్లు పోల్చుకోవాలి. ముగ్గురిలో ఇద్దరు ఒకే పేరా దగ్గర ఆగారంటే లోపం అక్కడే ఉండే అవకాశం ఎక్కువ, దిద్దుకోవడం అక్కడే మొదలుపెట్టాలి.